సమ్మతి సంతకం తీసుకునే ముందు జాగ్రత్తలు

లూయీ బాడీ డిమెన్షియా ఉన్న మనిషి పొద్దున స్పష్టంగా మాట్లాడి, అదే రోజు మధ్యాహ్నం ఎదురుగా ఉన్న కాగితం ఏంటో కూడా చెప్పలేకపోవచ్చు. అందుకే పరిశోధనలో చేరడానికి సమ్మతి ఫారం తీసుకెళ్లే ముందే, ఆయన ఏ వేళలో బాగుంటారో ఇంట్లోవాళ్లని అడగండి, ఆ వేళకే వెళ్లండి.

సమాచార పత్రం మొదటి పేజీలో నాలుగే విషయాలు పెద్ద అక్షరాల్లో ఉండాలి: ఏం చేస్తాం, ఏం ఇబ్బంది రావచ్చు, ఎప్పుడైనా మానేయొచ్చు, మానేసినా వైద్యం ఆగదు.

చదివాక "అర్థమైందా?" అని అడగొద్దు, ఎవరైనా అవుననే అంటారు. "మేం రక్తం ఎందుకు తీస్తామో మీ మాటల్లో చెప్పండి" అనండి. "నా జబ్బు తగ్గడానికి" అన్నారనుకోండి, పరిశోధనని చికిత్స అనుకుంటున్నారన్నమాట. అక్కడే ఆగి మళ్లీ చెప్పండి, అప్పటికీ అలాగే అంటే సంతకం ఆ రోజుకి వద్దు. ఆయన చెప్పిన మాటలు, తేదీ, టైముతో సహా రాసిపెట్టుకోండి.

చాలా ఫారాల్లో లేనిది ఒకటుంది, నాకు అదే ముఖ్యం. మధ్యలో నిర్ణయించుకునే శక్తి పోతే కొనసాగించాలా, అప్పటిదాకా సేకరించిన సమాచారం ఉంచాలా, ఎవరిని సంప్రదించాలి అన్నది ఆయన తెలివిగా ఉన్నప్పుడే విడివిడి గడుల్లో అడిగి రాయించుకోవాలి. మొదట సరే అన్నా, తర్వాత సూది చూసి చెయ్యి వెనక్కి లాక్కుంటే ఆ రోజు రక్తం తీయకూడదు, ఆ మాట కూడా ఫారంలోనే ఉండాలి. ప్రతి విజిట్‌లో మళ్లీ అడగాలి.