మధ్యాహ్నం అయ్యేసరికి ఎక్స్‌బార్ చార్టులో పాయింట్ లిమిట్ దాటిపోతోందా? ఆఫ్‌సెట్ జోలికి వెళ్ళకముందు ఇది చూడండి

మా భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల ఏరియేటర్లకి షాఫ్ట్‌లు తిప్పే షాపుల్లో ఏప్రిల్ వచ్చిందంటే ఇదే గోల అండి. పొద్దున్న చార్టు బుద్ధిగా ఉంటది, ఒంటిగంట దాటాక పాయింట్ పైకెళ్ళి యూసీఎల్ బయట పడుతుంది, వెంటనే ఆపరేటర్ వేర్ ఆఫ్‌సెట్ తగ్గించేస్తాడు, మర్నాడు పొద్దున్న మొదటి శాంపిలే ఎల్‌సీఎల్ కింద ఉంటది, మళ్ళీ ఆఫ్‌సెట్ పెంచుతాడు. చార్టు రంపం పళ్ళలా తయారవుతుంది. అందరూ ఇన్సర్ట్ మార్చుతారు, మెషీన్ వాడిని పిలుస్తారు, కొలిచిన ముక్క ఎంత వేడిగా ఉందో మాత్రం ఎవ్వరూ చెయ్యి పెట్టి చూడరు.

ఎక్స్‌బార్, ఆర్ చార్టులు వేయడం మీకొచ్చనే అనుకుని రాస్తున్నా.

పాయింట్ బయట పడగానే

ముందు ఆర్ చార్టు చూడండి. అది కూడా దాటితే ఎక్స్‌బార్ గురించి ఆలోచించడం దండగ, శాంపిల్‌లోని ఐదు ముక్కల్లో ఒకదానికొకటికే పొంతన లేదన్నమాట. జాస్‌లో చిప్ ఇరుక్కోవడం, ఇన్సర్ట్ అంచు విరగడం, టూల్ బిగింపు వదులవ్వడం, ఈ మూడిట్లోనే దాదాపు ఎప్పుడూ దొరుకుతుంది.

ఆర్ మామూలుగా ఉండి ఎక్స్‌బార్ ఒక్కటే జరిగిందంటే, అవే ఐదు ముక్కల్ని శుభ్రంగా తుడిచి, గేజిని మాస్టర్ మీద మళ్ళీ జీరో చేసి, ఇంకోసారి కొలవండి. రెండు నిమిషాల పని. కూలెంట్ పొర, బర్, జరిగిపోయిన జీరో ఇక్కడే బయటపడతాయి. ఈ ఒక్కటి చెయ్యకుండానే ఆఫ్‌సెట్ కొట్టేవాళ్ళని చూస్తే నిజంగా బాధేస్తుంది. ఈలోగా పోయినసారి బాగున్న శాంపిల్ తర్వాత తయారైన ముక్కలన్నీ విడిగా ఒక ట్రేలో పెట్టించండి, పాసైన సరుకులో కలిస్తే తర్వాత ఏరలేరు.

ఇన్సర్ట్ అరుగుదలైతే గుర్తుపట్టడం తేలికే. బయటి డయామీటర్ తిప్పేటప్పుడు ఇన్సర్ట్ అరిగేకొద్దీ సైజు మెల్లగా, ఒకే దిక్కుకి పెరుగుతూ పోతుంది, కొత్త అంచు పెట్టగానే దిగిపోతుంది. అరుగుదలకి టైంతో పనిలేదు, పొద్దున్నైనా రాత్రైనా ఒకటే. మీ చార్టు రోజూ అదే టైంకి ఎక్కి తెల్లారేసరికి దిగుతోందంటే అది అరుగుదల కాదండి.

రోజూ అదే టైంకి ఎక్కుతోందంటే: వేడి

ఒక లెక్క చూపిస్తా. 40 మిల్లీమీటర్ల బేరింగ్ సీటు, కే6 ఫిట్, అంటే డ్రాయింగ్ ప్రకారం 40.002 నుంచి 40.018. గంటకి ఐదు ముక్కల శాంపిల్. జనవరిలో లిమిట్లు కట్టినప్పుడు సగటు 40.010, సగటు రేంజి 5 మైక్రాన్లు. ఐదు ముక్కలకి ఏ2 విలువ 0.577 కాబట్టి లిమిట్లు సగటుకి అటూ ఇటూ 2.9 మైక్రాన్లు:

```
UCL = 40.010 + 0.577 × 0.005 = 40.0129
LCL = 40.010 - 0.577 × 0.005 = 40.0071
```

ఇప్పుడు ఎండాకాలం. మాస్టర్ ఏమో ఏసీ ఉన్న క్వాలిటీ రూములో 25 డిగ్రీల దగ్గర చల్లగా ఉంటది, శాంపిల్ టైంకి తెచ్చి గేజి జీరో చేసి వెంటనే పట్టుకెళ్ళిపోతారు. లైన్లో ముక్క ఎండకి వేడెక్కిన కూలెంట్‌లోంచి అప్పుడే బయటికొచ్చింది, 37 డిగ్రీలుంది. స్టీల్ మీటరుకి డిగ్రీకి 11.5 మైక్రాన్లు పెరుగుతుంది, 40 మిల్లీమీటర్లకి డిగ్రీకి దాదాపు అర మైక్రాన్ అనుకోండి. 12 డిగ్రీల తేడాకి:

```
40 × 0.0000115 × 12 = 0.0055
```

ఐదున్నర మైక్రాన్లు. లిమిట్ ఉన్నదే 2.9 దూరంలో. అంటే ముక్క అసలు సైజు 40.010 దగ్గరే కదలకుండా ఉన్నా, గేజి 40.0155 చూపించి పాయింట్‌ని బయట పడేస్తుంది. ఐదు ముక్కలూ ఒకేలా వేడిగా ఉంటాయి కాబట్టి ఆర్ చార్టు కిక్కురుమనదు, అందుకే ఇది అంత తొందరగా దొరకదు.

ఆపరేటర్ ఇప్పుడు 6 మైక్రాన్లు తగ్గించాడు. గేజి 40.0095 చూపిస్తుంది, చార్టు లోపలికొచ్చింది, అందరూ హమ్మయ్య అనుకున్నారు. కానీ చల్లారాక ఆ ముక్కల సగటు 40.004. ముక్కకీ ముక్కకీ మధ్య తేడా ఎలాగూ ఉంటుంది కదా, కొన్ని 40.002 కిందకి, 40.000 కిందకి కూడా వెళ్ళిపోతాయి. పాసైందని రాసిన షాఫ్టు మీద బేరింగ్ బిగువు ఉండదు, చెరువులో రాత్రంతా తిరిగి తిరిగి ఇన్నర్ రేస్ షాఫ్టు మీదే జారి సీటు తినేస్తుంది. రైతు బేరింగ్ కంపెనీని తిడతాడు, తప్పేమో మనది. బాగున్న మెషీన్‌ని మనమే చెడగొట్టాం, చార్టు చూసే చెడగొట్టాం.

తేల్చుకునేదెలా

ఆ ఐదు ముక్కల్నీ మాస్టర్‌నీ ఒకే కాస్ట్ ఐరన్ ప్లేటు మీద పక్కపక్కన పెట్టి వదిలెయ్యండి. పది నిమిషాలకోసారి ఒక ముక్క కొలుస్తూ ఉండండి, ప్రతిసారీ మాస్టర్ మీద జీరో చూస్కుని. రీడింగ్ దిగుతూ దిగుతూ ఎక్కడో ఆగుతుంది, ఆగినదే అసలు సైజు. మళ్ళీ 40.010 దగ్గరకొచ్చిందంటే మెషీన్ నిర్దోషి, ఆఫ్‌సెట్ ముట్టుకోకండి. రీడింగ్ ఆగాక కూడా పైనే ఉందంటే సైజు నిజంగానే మారింది, అప్పుడు మెషీన్ వైపు వెళ్ళండి. కరెంటు పోయి వచ్చాక మొదటి ముక్కల్లో ఇది మామూలే, స్పిండిలూ బాల్‌స్క్రూ చల్లారి ఉంటాయి, ఓ పావుగంట ఖాళీగా వార్మప్ ప్రోగ్రాం నడిపాకే ముక్క ఎక్కించండి.

సరిచేసేదెలా

మాస్టర్‌ని ఏసీ రూములోంచి తెచ్చి లైన్లో గేజి పక్కనే పెట్టండి, దుమ్ము పడకుండా మూత వేసి. షాపు 20 డిగ్రీలకి రావాలని ఎవరూ అడగట్లేదు, ముక్క స్టీలు మాస్టర్ స్టీలు అయినప్పుడు రెండూ ఒకే వేడిలో ఉంటే చాలు, 34 అయినా పర్లేదు, ఇద్దరూ సమానంగానే పెరుగుతారు. అల్యూమినియం ముక్కకి స్టీల్ మాస్టర్ అయితే మాత్రం ఈ మాట చెల్లదు, అల్యూమినియం రెట్టింపు పెరుగుతుంది, దానికి అల్యూమినియం మాస్టరే చేయించుకోండి.

ముక్క చల్లారేదాకా ఆగే తీరిక లైన్లో ఉండదంటారా, అయితే ఒక చిన్న తొట్టిలో కూలెంట్ పోసి మాస్టర్‌నీ ఐదు ముక్కల్నీ కలిపి పది నిమిషాలు ముంచండి. గాలిలో గంట పట్టేది తొట్టిలో తొందరగా సమానమవుతుంది. తీసి తుడిచి, మాస్టర్ మీద జీరో, వెంటనే కొలత. సీటుని చేత్తో పట్టుకోకండి, చివర్లు పట్టుకోండి.

ఇదయ్యాక ఒక పాతిక శాంపిల్స్ ఈ పద్ధతిలోనే తీసి లిమిట్లు కొత్తగా కట్టండి. ఎండాకాలం పాయింట్లు కూడా కలిపేసి లిమిట్లు వెడల్పు చేసేవాళ్ళున్నారు, దయచేసి ఆ పని చెయ్యకండి, అలా చేస్తే రేపు నిజంగా సైజు జరిగినప్పుడు ఆ చార్టు నోరు తెరవదు.

మిగతావి, బార్ లాటు మారడం, టరెట్ ఇండెక్సింగ్ తేడా, గేజి యాన్విల్ అరగడం, ఉంటాయి గానీ అరుదు. పైవన్నీ చూసి, ముక్క చల్లగా ఉందని తేలాక వాటి దగ్గరకెళ్ళండి.