యూజర్ టెస్టింగ్ నేర్చుకుందాం – 4వ పాఠం: వీడియో నుంచి సమస్యల జాబితా దాకా

పోయిన పాఠంలో ఒక మనిషిని ఫోను ముందు కూర్చోబెట్టి, మనసులో నడిచేదంతా పైకి చెబుతూ పని చేయమని ఎలా అడగాలో చూశాం. ఇప్పుడు మీ దగ్గర స్క్రీనూ గొంతూ కలిసి ఉన్న వీడియో ఒకటుంది. దాంట్లోంచి డెవలపర్ల చేతికి ఇవ్వదగ్గ జాబితా తీయడమే ఈ పాఠం. అంటే స్క్రీనులో ఉన్న సమస్యలు ఏవి, వాటిలో ముందు ఏది సరిచేయాలి అన్నది.

నేను చేసిన ఒక టెస్టు తీసుకుందాం. బస్సు టికెట్ల యాప్. మొత్తం ఐదుగురు చేశారు. మూడో ఆవిడకి చీరల షాపు ఉంది, నెలకోసారి హైదరాబాదు నుంచి రాజమండ్రి వెళ్తారు. ఆవిడకిచ్చిన పని ఇది: “14వ తేదీ గురువారం రాత్రి షాపు కట్టేశాక బయల్దేరాలి. 11 దాటాక ఉన్న బస్సులో కిటికీ పక్క సీటు తీసుకోండి.” వీడియో 14 నిమిషాలు. చివర్లో ఆవిడ “హమ్మయ్య, అయిపోయింది” అన్నారు. నేనూ నోట్సులో “పని పూర్తయింది” అని రాసుకున్నాను.

పూర్తి కాలేదు. ఆ సంగతి నాకు మర్నాడు తెలిసింది.

వీడియో తెరిచే ముందు

పని సరిగ్గా జరిగితే చివరి స్క్రీను మీద ఏం కనిపించాలో ముందే ఒక కాగితం మీద రాసుకోండి. మన పనికి రెండు సరైన జవాబులున్నాయి: 14వ తేదీ రాత్రి 11 నుంచి 12 లోపు బస్సు, లేదా అర్ధరాత్రి దాటింది కాబట్టి 15వ తేదీతో ఉన్న బస్సు. మొదటిసారి నేనిది రాసుకోలేదు. మర్నాడు వీడియో చివరి ఫ్రేము ఆపి టికెట్టు చదివితే “14, 12:15 AM” అని ఉంది. అంటే బుధవారం రాత్రి పన్నెండుంబావుకి వెళ్ళే బస్సు. గురువారం రాత్రి ఆవిడ స్టాపులో నిలబడేసరికి ఆ బస్సు పోయి దాదాపు ఒక రోజయి ఉంటుంది.

పైకి చెబుతూ చేసే టెస్టులో పెద్ద గొయ్యి ఇక్కడే ఉంది. మనిషి తనకు తెలిసిన ఇబ్బందినే పైకి చెబుతాడు. తెలియకుండా జరిగిన తప్పు గొంతులో వినిపించదు. మాటలు మాత్రమే వింటూ కూర్చుంటే అన్నిటికన్నా పెద్ద సమస్య మన ముందు నుంచే జారిపోతుంది.

రెండుసార్లు చూడడం

మొదటిసారి ఆపకుండా చూడండి. ఎక్కడైనా చెయ్యి ఆగినా, వెనక్కి వెళ్ళినా, ఒకే చోట రెండుసార్లు నొక్కినా, గొంతు మారినా ఆ నిమిషం మాత్రం రాసుకోండి. ఎందుకు జరిగిందో రాయొద్దు. రెండోసారి ఆ గుర్తుల దగ్గరే ఆగి ఇలా నింపండి:

| సమయం | చేసింది | అన్నది | మోడరేటర్ |
|---|---|---|---|
| 01:10 | Rajamundry అని మూడుసార్లు కొట్టారు, ఏమీ రాలేదు, raj అని ఆపితే పేరు కనిపించింది | “ఊరే లేదంటోందేంటి?” | – |
| 03:40 | 14 ఎంచుకుని, జాబితాలో అన్నిటికన్నా పైనున్న 12:15 AM బస్సు నొక్కారు | “ఇదిగో, పన్నెండుంబావుది మొదట్లోనే ఉంది” | – |
| 05:20 | 8 సెకన్లలో కిటికీ సీటు ఎంచుకున్నారు | “ఈ రంగులేంటండీ బాబూ, పెళ్ళి పందిరిలా ఉంది!” | – |
| 07:00 | ఎక్కే చోటు జాబితాని పైకీ కిందికీ జరిపారు, 40 సెకన్లు | (మౌనం) తర్వాత “మియాపూర్ వెతుకుతున్నా” | “ఏం చూస్తున్నారు?” |
| 09:30 | పేరు, వయసు నింపి ఆగిపోయారు | “ఇప్పుడేం నొక్కాలి?” | “కీబోర్డు మూసి చూడండి” |

చివరి గడిని చాలామంది వదిలేస్తారు. వదలొద్దు. 09:30 దగ్గర నేను నోరు జారాను. నోరు జారకపోతే ఆవిడ అక్కడే ఇరుక్కునేవారేమో, కాబట్టి ఆ మెట్టు ఆవిడ సొంతంగా దాటినట్టు లెక్కకి రాదు. సాయం అందాక జరిగిన ప్రతిదాన్నీ కొంచెం అనుమానంతోనే చూడాలి.

“అన్నది” గడిలోనూ ఒక తేడా గమనించాలి. 07:00 దగ్గర “మియాపూర్ వెతుకుతున్నా” అన్నది ఆ క్షణంలో మనసులో ఉన్న మాట. కాసేపటికి నేను “ఎందుకు కష్టమైంది?” అని అడిగితే “అక్షరాల వరసలో ఉంటే బాగుండేది” అన్నారు. ఇది నా ప్రశ్నకోసం అప్పటికప్పుడు అల్లిన జవాబు. ఎరిక్సన్, సైమన్ అనే ఇద్దరు పరిశోధకులు 1980లోనే ఈ రెండిటినీ విడదీశారు: పని చేస్తుండగా దొర్లే మాటకున్న విలువ, తర్వాత చెప్పే కారణానికి ఉండదు. నేను రెండో రకం మాటల పక్కన చిన్న “త” అని పెడతాను, “తర్వాత” అని.

సమస్యని వాక్యంగా రాయడం

గుర్తులన్నీ సమస్యలు కావు. ఒకే కారణం నుంచి వచ్చినవాటిని కలిపి, ఒక్కోదానికి ఒక్కో వాక్యం రాయాలి. కొత్తగా చేసేవాళ్ళు 03:40కి సాధారణంగా “యూజర్‌కి తేదీ అర్థం కాలేదు” అని రాస్తారు. ఇందులో తప్పు మనిషిది అయిపోయింది, స్క్రీను తప్పించుకుంది. డెవలపర్ ఇది చదివి “ఆవిడ సరిగ్గా చూసుకోలేదు” అనేసి పక్కకు పెడతాడు. నాకు సరిగ్గా అలాగే జరిగింది.

ఇంకొందరు “12:15 పక్కన వారం పేరు పెట్టాలి” అని రాస్తారు. ఇది మందు, రోగం కాదు. మందు రాసేస్తే రోగం గురించి ఇంక ఎవరూ మాట్లాడరు.

నేను చివరికి రాసింది ఇది: “గురువారం ఎంచుకుంటే జాబితాలో మొదట వచ్చేది ఆ తేదీ మొదలవగానే 12:15 AMకి వెళ్ళే బస్సు. అది బుధవారం రాత్రి బస్సని స్క్రీను ఎక్కడా చెప్పదు. గురువారం రాత్రి ప్రయాణం కోసం వచ్చిన మనిషి దాన్నే తనదనుకుని డబ్బు కట్టేస్తాడు.” స్క్రీను ఏం చేస్తోంది, మనిషి ఏం చేశాడు, ఏం నష్టపోయాడు – మూడూ ఉన్నాయి. మన ఊళ్ళలో “గురువారం రాత్రి పన్నెండుంబావు” అనడం మామూలే. క్యాలెండర్ ఆ మాట ఒప్పుకోదు. తప్పు ఆ రెండు లెక్కల మధ్య సందులో ఉంది.

ఏది ఎంత తీవ్రం?

ఇప్పటిదాకా గ్రేడు మాటే ఎత్తలేదు, కావాలనే. వాక్యాలన్నీ రాశాకే గ్రేడు వేయాలి. లేదంటే మొదట చూసిన సమస్యకి ఎక్కువ, అలిసిపోయాక చూసినదానికి తక్కువ పడుతుంది.

యూజబిలిటీ నిపుణుడు జేకబ్ నీల్సన్ పెట్టిన 0 నుంచి 4 కొలత మనకు చాలు. 0 అంటే అసలు సమస్యే కాదు. 1 అంటే పైపై లోపం, తీరిక ఉంటే చూసుకోవచ్చు. 2 చిన్నది, 3 పెద్దది. 4 అంటే విడుదలకు ముందే సరిచేసి తీరాలి. గ్రేడు తేల్చడానికి మూడు చూడాలి: ఎంతమందికి వచ్చింది, వస్తే దెబ్బ ఎంత, ఒకసారి తెలిశాక మనిషి తప్పించుకోగలడా లేక ప్రతిసారీ తగులుతుందా. మొదటిదానికి మిగతా నాలుగు వీడియోలు కావాలి, ఒక్క వీడియోతో తేలదు.

ఊరి పేరు స్పెల్లింగు ఐదుగురిలో నలుగురికి తగిలింది. ఎక్కువమందికి వచ్చింది కదా అని దాన్ని పైన పెట్టాలనిపిస్తుంది. కానీ నలుగురూ అర నిమిషంలో సొంతంగా బయటపడ్డారు, పైగా ఒకసారి వెతికిన ఊరు యాప్‌లో గుర్తుంటుంది. అది 2. ఎక్కే చోటు జాబితా ఐదుగురినీ ఆపింది, అదీ నిమిషంలోపే. అయితే కొత్త ఊరికి వెళ్ళిన ప్రతిసారీ మళ్ళీ తగులుతుంది కాబట్టి 2లోనే స్పెల్లింగుకి పైన పెట్టాను.

కీబోర్డు కింద బటన్ దాగిపోవడం చిన్న స్క్రీన్లున్న ముగ్గురికి జరిగింది. ఇద్దరు ఫోన్ వెనక్కి బటన్ నొక్కి బయటపడ్డారు, మూడో ఆవిడకి నేను చెప్పాల్సి వచ్చింది. డబ్బు కట్టే ముందు మెట్టు మీద మనిషి ఆగిపోతున్నాడు. 3.

తేదీ తప్పు ఇద్దరికే జరిగింది. ఇంకొకాయన డబ్బు కట్టే స్క్రీను మీద “ఇది బుధవారం రాత్రిదా?” అని అనుమానం వచ్చి వెనక్కి వెళ్ళారు. తప్పు చేసిన ఇద్దరికీ టెస్టు అయిపోయేదాకా తెలియలేదు. నిజంగా అయితే స్టాపులో నిలబడ్డాక తెలుస్తుంది, అప్పటికి టికెట్టు రద్దు చేయడానికి కూడా బస్సు లేదు. తర్వాత జాగ్రత్తపడతారు, నిజమే, కానీ మొదటి దెబ్బకే డబ్బూ ప్రయాణమూ పోయాయి. 4.

ఇక రంగులు. వీడియో మొత్తంలో ఆవిడ గొంతు లేచింది అక్కడే. మీటింగులో ఆ క్లిప్పు వేస్తే అందరూ నవ్వుతారు, రంగులు మార్చే పనికి వెంటనే ఒకరిని పెట్టేస్తారు. కానీ ఎంచుకోవాల్సిన సీటు ఆవిడ 8 సెకన్లలో, తప్పు లేకుండా ఎంచుకున్నారు. మిగతా నలుగురిలో ఎవరూ తడబడలేదు. 1 వేశాను, 0 వేసినా నాకు అభ్యంతరం లేదు.

జాబితాలో “5లో 2” అనే రాయండి, “40%” అని రాయొద్దు. ఐదుగురితో శాతాలు తేలవు. శాతం చూస్తే మాత్రం చదివేవాడు యూజర్లందరిలో అంతమంది అనుకుంటాడు.

మీ జాబితా మీద మీకే అనుమానం ఉండాలి

ఒకే వీడియోని ఇద్దరు చూస్తే ఒకే జాబితా రాదు. హెర్ట్జమ్, జాకబ్సన్ అనే పరిశోధకులు 2001లో ఇలాంటి పరీక్షలు కొన్ని పోల్చి చూస్తే, ఇద్దరు మదింపుదారుల జాబితాలు సగటున కలిసింది ఒక పరీక్షలో 5 శాతమే, అన్నిటికన్నా బాగా కలిసినచోట కూడా 65 శాతమే. గ్రేడుల సంగతీ అంతే. ఒక్కరు వేసిన గ్రేడుని నమ్ముకోవద్దనీ, ముగ్గురు విడివిడిగా వేసి సగటు తీస్తే పనికొస్తుందనీ నీల్సన్ అంటాడు. విడివిడిగా అన్నది ముఖ్యం. అందరూ కూర్చుని వేస్తే పెద్ద గొంతున్నవాడి గ్రేడే అందరి గ్రేడు అవుతుంది.

వచ్చే పాఠానికి హోంవర్కు: పోయినసారి తీసిన వీడియోల్లో ఒకటి తీసుకోండి. తెరిచే ముందు సరైన చివరి స్క్రీను ఏదో కాగితం మీద రాసుకోండి. పైన చూపినట్టు పట్టిక, వాక్యాలు, గ్రేడులు పూర్తి చేయండి. అదే వీడియో స్నేహితుడికొకరికి ఇచ్చి, మీ జాబితా చూపించకుండా అతన్నీ చేయమనండి. రెండు జాబితాలూ కలపకుండా అలాగే ఉంచుకోండి. మీ దగ్గర 4 ఉండి, అతని జాబితాలో ఆ సమస్యే లేకపోతే ఏం చేయాలన్నది 5వ పాఠం.