హోమ్‌స్టే నిజంగా ఉందో లేదో డబ్బు కట్టే ముందే ఎలా తెలుసుకోవాలి?

డిసెంబర్, జనవరి నెలల్లో అరకులో గది దొరకడం కష్టం. ఆ టెన్షన్‌లో ఉన్నప్పుడే ఫోన్‌లో ఒక ప్రకటన కనిపిస్తుంది. కాఫీ తోటల మధ్య ఎర్ర పెంకుల విల్లా, ముందు స్విమ్మింగ్ పూల్, రాత్రికి రెండున్నర వేలే. సగం అడ్వాన్స్ పంపితే బుకింగ్ ఖాయం అంటారు. ఇలాంటి విల్లానే ఉదాహరణగా తీసుకుని, ఎలా చెక్ చేయాలో చూద్దాం.

ముందు ఫొటోలు

వెబ్‌సైట్‌లోని ఫొటోలను స్క్రీన్‌షాట్ తీసి, ఒక్కొక్కటిగా గూగుల్ లెన్స్‌లో వెతకండి. పూల్ ఫొటో ఒక్కదానితో ఆపకండి, పడకగది, బాత్‌రూమ్ ఫొటోలు కూడా వెతకండి. అదే గది బాలిలోనో కేరళలోనో ఇంకో పేరుతో కనిపిస్తే ఇక ఆలోచించనక్కర్లేదు, వదిలేయండి.

లెన్స్‌లో ఏమీ దొరకకపోతే ఫొటోను పెద్దది చేసి గోడలు చూడండి. మన ఇళ్లలో వరసగా స్విచ్‌లు, పక్కనే మూడు గుండ్రటి రంధ్రాల ప్లగ్ ఉన్న స్విచ్‌బోర్డు ఉంటుంది. బాలి గదుల్లో లోపలికి గుంటలా ఉండే రెండు రంధ్రాల సాకెట్లు కనిపిస్తాయి. అరకు విల్లా అని చెప్పి మంచం పక్కన అలాంటి సాకెట్ చూపిస్తే ఆ ఫొటో ఎక్కడిదో అనుమానించాల్సిందే. ఫొటోలు ఎత్తుకొచ్చేవాళ్లు పూల్ అందంగా ఉందా అని చూస్తారు కానీ స్విచ్‌బోర్డు దాకా వెళ్లరు.

తర్వాత మ్యాప్

గూగుల్ మ్యాప్స్‌లో పేరు కొడితే పిన్ కనిపించింది కదా అని నమ్మేయకండి. కొత్త స్థలాన్ని మ్యాప్‌లో చేర్చమని ఎవరైనా పంపవచ్చు. పిన్ దగ్గర శాటిలైట్ వ్యూ పెట్టి బాగా దగ్గరికి జూమ్ చేయండి. ఎర్ర కప్పు ఉందా? పూల్ ఉంటే నీలంగా దీర్ఘచతురస్రం కనిపించాలి. ఫొటోలో గేటు ముందు తారు రోడ్డు ఉంటే పైనుంచి కూడా ఆ రోడ్డు కనిపించాలి. అక్కడ ఖాళీ పొలమో, ఊరి మధ్య దుకాణాల వరసో ఉంటే తేడా ఉన్నట్టే.

ఇక్కడ తొందరపడి తప్పు పట్టే ప్రమాదం కూడా ఉంది. శాటిలైట్ చిత్రం కొన్నేళ్ల కిందటిది కావచ్చు, కొత్తగా కట్టిన ఇల్లు అందులో ఉండదు. చెట్లు కప్పును మూసేస్తాయి. రోడ్డు మీద నుంచి తీసిన ఫొటోలు చూపించే స్ట్రీట్ వ్యూ మన దేశంలో 2022లో హైదరాబాద్ సహా 10 నగరాలతో మళ్లీ మొదలైంది, కానీ కొండ ఊళ్ల సందుల్లో అది దొరుకుతుందని ఆశించలేం. ఎయిర్‌బీఎన్‌బీ లాంటి చోట్ల బుకింగ్‌కు ముందు సుమారు ప్రాంతమే చూపించడం మామూలే, దాన్ని మోసం అనుకోవద్దు.

సందేహం తీరకపోతే మ్యాప్‌లో ఆ పిన్‌కు దగ్గరలో ఉన్న టిఫిన్ హోటల్‌కో కిరాణా కొట్టుకో ఫోన్ చేసి, "అన్నా, మీ పక్కన ఫలానా హోమ్‌స్టే ఉందా?" అని అడగండి. ఇంతకు మించిన చెకింగ్ నాకు తెలియదు.

అసలు చిక్కు ఓనర్ దగ్గర

ఇల్లు నిజమే, ఫొటోలూ నిజమే, డబ్బు అడిగేవాడు మాత్రం ఓనర్ కాకపోవచ్చు. పేరున్న బసలకు నకిలీ సైట్లు పెట్టి అడ్వాన్సులు కాజేస్తుంటారు. యాత్రికులను ఇలా మోసం చేస్తున్నారని 2025 ఏప్రిల్‌లో కేంద్ర హోంశాఖ సైబర్ క్రైమ్ విభాగం కూడా హెచ్చరించింది. అందుకే ఓనర్ చరిత్ర చూడాలి.

సైట్ పేరును lookup.icann.org లో కొడితే అది ఎప్పుడు రిజిస్టర్ అయిందో తెలుస్తుంది. "పదేళ్లుగా అతిథి సేవలో" అని రాసుకున్న సైట్ పోయిన నెలలో పుట్టిందంటే ఆగాల్సిందే. గూగుల్ మ్యాప్స్‌లో రివ్యూలను Newest వరసలో పెట్టి చదవండి. నిజంగా బస చేసినవాళ్లు సిగ్నల్ రాలేదనో, చివరి మలుపులో రోడ్డు బాగోలేదనో రాస్తారు, ఏడాది పొడవునా అప్పుడొకటి అప్పుడొకటి రాస్తారు. ఒకే వారంలో పడిన పొగడ్తలైతే, రాసినవారి పేరు మీద నొక్కి వాళ్లు ఇంకెక్కడ రివ్యూలు ఇచ్చారో చూడండి. రివ్యూలే లేని కొత్త ఓనర్ నిజాయితీపరుడు కావచ్చు. అప్పుడు వీడియో కాల్ అడిగి, గేటు బయటి రోడ్డు నుంచి పూల్ దాకా నడుస్తూ చూపించమనండి. ఇల్లు ఉన్నవాడికి అది రెండు నిమిషాల పని.

చివరగా, యూపీఐలో డబ్బు పంపే ముందు తెరపై వచ్చే బ్యాంకు ఖాతా పేరు చదవండి. అది మీతో మాట్లాడిన ఓనర్‌దో హోమ్‌స్టేదో కాకుండా ఇంకెవరిదో అయితే పంపకండి, ఎందుకలా ఉందో అడగండి. బుకింగ్ యాప్‌లో చూసిన ఇంటికి యాప్ బయట కట్టమంటే, తగ్గింపు ఇస్తానన్నా ఒప్పుకోవద్దు. ఇప్పటికే డబ్బు పంపేసి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి, cybercrime.gov.in లో ఫిర్యాదు నమోదు చేయండి. సైట్ స్క్రీన్‌షాట్లు, లావాదేవీ నంబరు దగ్గర పెట్టుకోండి.