తెలుగు సంవత్సరం పేరు నుంచి పుట్టిన తేదీ, వయసు ఎలా తెలుసుకోవాలి?

పెద్దవాళ్లను పుట్టిన తేదీ అడిగితే సంవత్సరం పేరు, నెల, తిథి చెబుతారు. ఆ మూడింటితో పాటు వారం కూడా అడిగి రాసుకోండి. చివర్లో సరిచూసుకోవడానికి వారమే ఆధారం.

ఒక మామ్మ, "సర్వజిత్తులో పుట్టాను. శ్రావణ పున్నమి, ఆదివారం" అన్నారనుకుందాం.

ముందు పంచాంగంలోని 60 సంవత్సరాల పట్టికలో ఆ పేరు ఎన్నోదో చూడండి. ప్రభవ మొదటిది, సర్వజిత్తు 21వది. ఆ సంఖ్యకు 1926 కలిపితే 1947 వస్తుంది. పేర్లు 60 ఏళ్లకోసారి తిరిగి వస్తాయి కాబట్టి 1887, 2007 కూడా సర్వజిత్తులే. మనిషిని చూస్తే ఏది సరైనదో తెలిసిపోతుంది. 1987 ఉగాది నుంచి పుట్టినవాళ్లకైతే 1986 కలపాలి.

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే: తెలుగు సంవత్సరం ఉగాదికి మొదలవుతుంది, జనవరి 1న కాదు. మామ్మ శ్రావణం కాక మాఘం అని ఉంటే, అది 1948లోకి వెళ్తుంది. పుష్యం, మాఘం, ఫాల్గుణం చెప్పినప్పుడు ఇంగ్లిష్ సంవత్సరాన్ని తప్పకుండా చూసుకోండి. పుష్యం కొన్నిసార్లు డిసెంబరులోనే మొదలవుతుంది కూడా.

తర్వాత పాత సంవత్సరాలు చూపించే పంచాంగం వెబ్‌సైట్‌లో ఆ నెల తెరవండి. 1947లో శ్రావణం రెండుసార్లు వచ్చింది. జులై మధ్య నుంచి ఆగస్టు 16 దాకా అధిక శ్రావణం, ఆ తర్వాత నిజ శ్రావణం. అంటే స్వాతంత్ర్యం వచ్చిన రోజు అధిక మాసంలోనే ఉంది. పున్నములు కూడా రెండు: ఆగస్టు మొదటి రోజుల్లో ఒకటి, ఆగస్టు 31న ఒకటి. మొదటిది ఆదివారం కాదు, 31 ఆదివారమే. కాబట్టి మామ్మ పుట్టినది 1947 ఆగస్టు 31. 2025 ఆగస్టు 31కి ఆమెకు 78 ఏళ్లు నిండాయి. "డెబ్బై తొమ్మిదో ఏడు నడుస్తోంది" అంటే అదీ నిజమే, నిండిన వయసుకు ఒకటి తగ్గించుకోండి.

ఇక పుట్టిన వేళ అడగండి. మన లెక్కలో వారం సూర్యోదయం నుంచి మళ్లీ సూర్యోదయం దాకా. ఆదివారం రాత్రి తెల్లవారుజామున మూడింటికి పుట్టారంటే ఇంగ్లిష్ తేదీ సెప్టెంబరు 1 అవుతుంది. తిథి కూడా పగలో రాత్రో మధ్యలోనే మారుతుంది, అందుకే వెబ్‌సైట్‌లో తిథి ముగిసే సమయం కూడా చూడాలి.

వారం, తిథి కలవకపోతే పక్క రోజును, ఆ తర్వాత మరో శ్రావణాన్ని పరీక్షించండి. అప్పటికీ కుదరకపోతే ముందు, వెనుక ఏళ్లైన వ్యయ, సర్వధారి కూడా చూడండి.