రసం బండి పాఠాలు – 4: గేటుకు ఏ వైపు?

పోయిన పాఠం చివర, చెరకు రసం, కొబ్బరి బోండాల బండి పెట్టాలని మీరు అనుకున్న స్థలం ముందు ఒక గంట కూర్చుని ఎంతమంది నడిచి వెళ్తున్నారో లెక్కపెట్టి రమ్మన్నాను. చాలామంది శ్రద్ధగా లెక్కపెట్టారు, కానీ దాదాపు అందరూ ఒకే నిర్ణయానికి వచ్చారు: బస్టాండు ముందు జనం ఎక్కువ కాబట్టి అదే మంచి చోటు. ఈ పొరపాటులో నా వంతు కూడా ఉంది, ఎందుకంటే ఏమి లెక్కపెట్టాలో సరిగ్గా చెప్పలేదు. అందువల్ల ఈ పాఠంలో చెబుదామనుకున్న యంత్రాల సంగతి వాయిదా వేసి, ఆ లెక్కనే మళ్లీ చూద్దాం.

ఒకరు పంపిన అంకెలు ఇవి. సాయంత్రం 6 నుంచి 7 వరకు బస్టాండు ద్వారం దగ్గర 900 మంది, ఆసుపత్రి గేటు దగ్గర 140 మంది. అవే చోట్ల మరుసటి రోజు అదే గంటలో, ఇప్పటికే ఉన్న బండ్ల దగ్గర ఎంతమంది కొన్నారో, వారు లోపలికి పోతున్నవారా బయటికి వస్తున్నవారా అన్నది విడిగా రాయమన్నాను. బస్టాండులో కొన్నవారు 15 మంది. ఆసుపత్రి దగ్గర 22 మంది, వారిలో 18 మంది బయటికి వస్తున్నవారే.

కారణం వెతకడం కష్టమేమీ కాదు. బస్సు ఎక్కబోయేవాడికి రెండు చేతుల్లో సామాను, మనసంతా సీటు మీద ఉంటుంది. పైగా దూరప్రయాణం ముందు, దారిలో మూత్రానికి ఇబ్బంది అవుతుందని చాలామంది కావాలనే ఏమీ తాగరు. దిగినవాడు ఇంటికి పోయే తొందరలో ఉంటాడు. ఐదు నిమిషాలు ఆగే బస్సు కిటికీల్లోంచి నలభై మంది చేతులు చాపినా, గ్లాసుకు నిమిషం పట్టే ఒంటరి మనిషి ఆ వ్యవధిలో ఐదు గ్లాసులే ఇవ్వగలడు. అంటే అక్కడి జనంలో అధిక భాగం మీ దగ్గర కొనని జనం, అయినా స్థలం అద్దె మాత్రం ఆ జనాన్ని చూపించే అడుగుతారు.

ఇక నన్ను విసిగించే అసలు పొరపాటుకు వస్తాను. గేటుకు ఏ వైపు నిలబడాలన్నది చిన్న విషయమని చాలామంది అనుకుంటారు. ఆసుపత్రిలోకి వెళ్లేవాడు ఆందోళనతో, చీటీ కోసం, డాక్టరు కోసం పరుగెడతాడు. అతని కంటికి మీ బండి కనబడదు. చూపించుకుని, మందుల దుకాణంలో డబ్బు కట్టి బయటికి వచ్చేవాడికి పని తీరింది, నాలుక ఎండింది, చిల్లర చేతిలోనే ఉంది. కాబట్టి మందుల దుకాణం దాటిన తరువాత, ఆటో ఎక్కే చోటుకు ముందు ఉన్న నాలుగు అడుగులే ఆ గేటులో విలువైన భాగం. అదే బండిని రోడ్డుకు అవతలి వైపు పెడితే మధ్యలో వాహనాలను దాటి రావాలి. ఒక బోండాం కోసం ఎవరూ అంత శ్రమ పడరు. వ్యాయామశాల దగ్గరా ఇంతే: లోపలికి వెళ్లేవాడు కడుపు బరువు చేసుకోడు, చెమటతో బయటికి వచ్చేవాడే ఆగుతాడు.

అద్దెను నేను ఎప్పుడూ డబ్బులో చూడను, గ్లాసుల్లోకి మారుస్తాను. పై ఉదాహరణలో బస్టాండు చోటు రోజు అద్దె 45 గ్లాసుల లాభంతో సమానం, ఆసుపత్రి చోటుది 30 గ్లాసులతో సమానం. ఆ సాయంత్రపు వేగంతోనే అమ్ముడైతే మొదటిదానికి అద్దె తీరడానికి మూడు గంటలు, రెండోదానికి గంటన్నరలోపే. అయితే ఆసుపత్రికి ఒక లోపం ఉంది: బయటి రోగులను చూడని సెలవు రోజున ఆ గేటు వెలవెలబోతుంది, అద్దె మాత్రం తగ్గదు.

ఆసుపత్రి దగ్గర చెరకు రసం కంటే బోండాం వైపే నేను మొగ్గుతాను, ఎందుకంటే రోగి బంధువులు పై అంతస్తుకు తీసుకుపోతారు. కొట్టని బోండాం తొందరగా పాడుకాదు, పిండిన రసం కాసేపటికే నల్లబడి పులుస్తుంది. కానీ మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి కొబ్బరినీళ్లలోని పొటాషియం ప్రమాదకరం కావచ్చు కనుక, రోగికి మంచిదని మీరు చెప్పవద్దు, డాక్టరును అడగమనండి. మరొకటి, వంద బోండాలు అమ్మితే క్వింటాలుకు పైగా ఖాళీ బోండాలు మిగులుతాయి. వాటిని రోజూ ఎక్కడికి, ఎవరు తరలిస్తారో తెలియని చోటు ఎంత బాగున్నా తీసుకోవద్దు.

అభ్యాసం: ఒకే గేటు దగ్గర, వారంలో ఒక మామూలు రోజు, ఒక సెలవు రోజు, ఉదయం రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు కూర్చోండి. నడిచినవారిని వదిలేసి, కొన్నవారిని మాత్రమే లోపలి వైపు, బయటి వైపు అని రెండు వరుసల్లో గీతలు గీయండి. తాగి పడేసిన గ్లాసులను, బోండాలను బండి మూసే వేళకు లెక్కించి, ఆ గంటల గీతలతో పోల్చండి. మిగిలిన గంటల్లో ఎంత అమ్ముడైందో ఆ తేడా దాదాపుగా చెబుతుంది.