జర్మనీలో ఉద్యోగ వీసా, నాలుగో పాఠం: అపాయింట్‌మెంట్ వేరు, దరఖాస్తు వేరు

గత పాఠంలో చిరునామా నమోదు, అంటే అన్‌మెల్డుంగ్ గురించి చెప్పుకున్నాము. అది చదివి అద్దె ఒప్పందం మాత్రమే పట్టుకుని బ్యూర్గర్‌అమ్ట్ అనే నమోదు కార్యాలయానికి వెళ్లి వెనక్కి వచ్చామని పలువురు రాశారు కాబట్టి ముందు ఆ సంగతి తేల్చుకుని నివాస పర్మిట్ పొడిగింపు వైపు వెళదాము.

ఇంట్లో దిగిన 2 వారాల లోపు నమోదు చేయించుకోవాలని అక్కడి నమోదు చట్టం చెబుతుంది. అదే చట్టంలోని 19వ సెక్షను ప్రకారం, ఆ ఇంట్లో ఎవరెవరు ఏ తేదీన దిగారో ఇంటి యజమాని సంతకంతో ధ్రువీకరించాలి. అద్దె ఒప్పందం ఎన్ని పేజీలున్నా ఈ పత్రానికి బదులు కాదు, ఎందుకంటే ఒప్పందం మీరు దిగవచ్చునని మాత్రమే చెబుతుంది, ధ్రువీకరణ మీరు నిజంగా దిగారని చెబుతుంది. యజమాని సంతకం చేయనంటే ఆ విషయాన్ని మీరే వెంటనే నమోదు కార్యాలయానికి తెలపాలి. నమోదు పూర్తయ్యాక పన్ను గుర్తింపు సంఖ్య తపాలాలో వస్తుంది. పోస్టు డబ్బా మీద మీ పేరు లేకపోతే ఆ ఉత్తరం తిరిగి వెళ్లిపోతుంది కాబట్టి, తాళాలు చేతికి వచ్చిన రోజే డబ్బా మీద పేరు అంటించడం మంచిది.

ఇక పర్మిట్ పొడిగింపు. పాస్‌పోర్టు, ఉద్యోగ ఒప్పందం, ఇటీవలి జీతం చీటీలు, ఆరోగ్య బీమా పత్రం వంటివి ఎలాగూ సిద్ధం చేసుకుంటారు. వాటిలో ఆలస్యమయ్యేది మీ కంపెనీ నింపి ఇవ్వవలసిన ఉద్యోగ వివరాల ఫారం, దాన్ని ముందుగా అడగండి. పాస్‌పోర్టు గడువు దగ్గరపడి ఉంటే మొదట దాన్నే మార్పించుకోండి, ఎందుకంటే పాస్‌పోర్టు గడువు దాటి పర్మిట్ ఇవ్వడం సాధారణంగా జరగదు.

నేను ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ మళ్లీ జరుగుతున్న పొరపాటు ఒకటుంది. ఒకరి పర్మిట్ సెప్టెంబరు 30న ముగుస్తుందనుకుందాము. జూలైలో విదేశీయుల కార్యాలయం పోర్టల్ చూస్తే అక్టోబరు 14కు గాని అపాయింట్‌మెంట్ లేదు. ఆయన దాన్ని బుక్ చేసుకుని, పని అయిపోయిందని నిశ్చింతగా ఉన్నారు. అపాయింట్‌మెంట్ అంటే ఫలానా గంటకు వస్తానని చెప్పడమే, పర్మిట్ పొడిగించమని కోరడం కాదు. నివాస చట్టం 81వ సెక్షను 4వ ఉపవిభాగం రక్షణ ఇచ్చేది గడువులోపు దరఖాస్తు చేసినవారికి. అలా చేస్తే, నిర్ణయం వెలువడే వరకు పాత పర్మిట్ దాని ఉద్యోగ హక్కుతో సహా కొనసాగుతున్నట్లే లెక్క. చేయకపోతే అక్టోబరు 1 నుంచి ఆయన నివాసానికీ ఉద్యోగానికీ ఆధారం ఉండదు. ఆలస్యంగా వచ్చినవారికి కార్యాలయం తన విచక్షణతో మినహాయింపు ఇవ్వగలదు గాని, అది అడిగి పొందవలసిన దయ, హక్కు కాదు.

కాబట్టి ఆయన చేయవలసింది, ఆ అపాయింట్‌మెంట్‌ను అలాగే ఉంచుకుని, జూలైలోనే ఆన్‌లైన్ ఫారం ద్వారా గాని రాతపూర్వకంగా గాని పొడిగింపు కోరడం. ఉత్తరం పంపితే, మీరు తపాలాలో వేసిన తేదీ కాదు, కార్యాలయానికి చేరిన తేదీ లెక్కలోకి వస్తుంది. అందుకే నేను రిజిస్టర్డ్ పోస్టునే ఎంచుకుంటాను, రసీదును పర్మిట్ కార్డుతో కలిపి దాచుకుంటాను. ఆన్‌లైన్‌లో పంపినప్పుడు స్క్రీన్ మీద కనిపించే ధన్యవాదాల పేజీతో సరిపెట్టుకోకుండా, దరఖాస్తు అందిందని చెప్పే తేదీ ఉన్న సందేశం వచ్చేదాకా చూడాలి.

ఆ తరువాత ఫిక్షియోన్స్‌బెషైనిగుంగ్ అనే తాత్కాలిక పత్రం అడగండి. అందులో 81వ సెక్షను ఉపవిభాగాల పక్కన గడులు ఉంటాయి. టిక్ 4వ ఉపవిభాగం దగ్గర ఉన్నదా అని కౌంటరు వదలకముందే చూసుకోవాలి, ఎందుకంటే ఆ గడితో దేశం బయటికి వెళ్లి తిరిగి రావచ్చు, 3వ ఉపవిభాగం గడితో ఆ వీలు లేదు. సెలవులకు టికెట్లు కొన్నవారు ఈ ఒక్క గుర్తును గమనించక విమానాశ్రయంలో ఆగిపోతుంటారు.

మధ్యలో ఊరు మారితే, కొత్త చిరునామా నమోదుతో మీ ఫైలు కొత్త ఊరి విదేశీయుల కార్యాలయం పరిధిలోకి వెళుతుంది. పాత ఊరిలో తీసుకున్న అపాయింట్‌మెంట్ అక్కరకు రాదు. అందుకే ఇల్లు మారే నెలను, పర్మిట్ ముగిసే నెలను దగ్గర దగ్గరగా పెట్టుకోవద్దంటాను.

అభ్యాసం: మీ కార్డు మీది గడువు నుంచి 3 నెలలు వెనక్కి లెక్కించి ఆ తేదీ రాసుకోండి. తరువాత మీ పేరు, పుట్టిన తేదీ, కార్డు సంఖ్య, గడువు తేదీ, పొడిగింపు కోరుతున్నానన్న వాక్యం ఉండేలా జర్మన్‌లో ఒక ఉత్తరం మీరే రాసి, జర్మన్ బాగా వచ్చిన సహోద్యోగితో దిద్దించండి. దిద్దిన ప్రతి చేతిలో ఉన్నవారే వచ్చే పాఠంలోని జీవిత భాగస్వామి పర్మిట్ ఫారంలోకి దిగాలి.