స్కాన్ రిపోర్టు చదవడం – 4వ పాఠం: రాయి కొలత, రాయి ఉన్న చోటు

గత పాఠంలో మూత్రం వెనక్కి నిలిచినప్పుడు కిడ్నీలో ఏర్పడే వాపును, అంటే హైడ్రోనెఫ్రోసిస్‌ను, రిపోర్టులో ఎలా గుర్తించాలో చూశాం. ఈ పాఠంలో ఆ వాపుకు కారణమైన రాయి దగ్గరకు వస్తాం. రాయి దానంతట అది పడిపోతుందా లేదా అన్నది ప్రధానంగా రెండు విషయాల మీద ఆధారపడి ఉంటుంది: అది ఎంత ఉంది, ఎక్కడ ఉంది. రెండూ రిపోర్టులోనే ఉంటాయి, కాని వాటిని విడివిడిగా కాక కలిపి చదవాలి.

పాఠం కోసం ఒక ఉదాహరణ అనుకుందాం. 38 ఏళ్ల వ్యక్తికి అర్ధరాత్రి కుడి నడుము పక్క నుంచి గజ్జ దాకా నొప్పి వచ్చింది. అల్ట్రాసౌండ్ రిపోర్టులో “కుడి మూత్రనాళం కింది కొసన 8 మి.మీ. రాయి, కుడి కిడ్నీలో స్వల్ప వాపు” అని ఉంది. మర్నాడు తీసిన సీటీ రిపోర్టులో “కుడి వి.యు.జె. వద్ద 5 × 4 × 7 మి.మీ. రాయి” అని వచ్చింది. వి.యు.జె. అంటే మూత్రనాళం మూత్రాశయంలోకి ప్రవేశించే చోటు. ఒక్క రోజులో రాయి చిన్నదైపోయిందా, లేక రెండింటిలో ఒకటి తప్పా అన్న సందేహం ఎవరికైనా వస్తుంది. రెండూ ఒకే రాయిని గురించి చెబుతున్నాయి, కొలిచిన తీరు మాత్రమే వేరు.

అల్ట్రాసౌండ్‌లో రాయి తెల్లటి మెరుపులా, దాని వెనక నల్లటి నీడతో కనిపిస్తుంది. కొలిచేవారు ఆ మెరుపు ఈ కొస నుంచి ఆ కొస దాకా గుర్తులు పెడతారు. ధ్వని తరంగాల స్వభావం వల్ల మెరుపు రాయి అంచులను దాటి పక్కలకు పరుచుకుంటుంది కాబట్టి చిన్న రాళ్ల విషయంలో అసలు పరిమాణం కంటే ఒకటి రెండు మిల్లీమీటర్లు, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ వస్తుంది. 12 మి.మీ. రాయికి ఈ తేడా పెద్ద లెక్కలోది కాదు, కాని 5 మి.మీ. రాయిని 8 అని చదివితే “ఆగి చూద్దాం” అన్న నిర్ణయం “తీసేద్దాం” అన్న నిర్ణయంగా మారిపోవచ్చు. పైగా మూత్రనాళం నడిమి భాగాన్ని పేగుల్లోని గాలి కప్పేస్తుంది కనుక, అక్కడి రాయి అల్ట్రాసౌండ్‌కు చాలాసార్లు కనబడదు. “రాయి కనిపించలేదు” అన్న మాటను “రాయి లేదు” అని చదవకూడదు.

కాంట్రాస్ట్ మందు లేకుండా తీసే సీటీలో ఈ రెండు చిక్కులూ చాలావరకు తొలగిపోతాయి. అయితే అందులో మూడు అంకెలు ఉన్నప్పుడు ఏది ఏ దిశలోదో తెలుసుకోవాలి. మన ఉదాహరణలో 5, 4 అన్నవి శరీరాన్ని అడ్డంగా కోసినట్లు చూపే చిత్రంలోని కొలతలు. 7 అన్నది తల నుంచి కాళ్ల వైపు పోయే దిశలోని పొడవు. మూత్రనాళం సన్నని గొట్టం, అందులో రాయి సాధారణంగా పొడవునా ఒదిగి ఉంటుంది. కాబట్టి గొట్టం గోడలకు ఒరుసుకునేది అడ్డుకొలత, ఇక్కడ 5. రిపోర్టులో ఒకే అంకె ఉంటే అది అడ్డుకొలతా, పొడవా అని రేడియాలజిస్టును అడగడంలో తప్పేమీ లేదు. నా దృష్టిలో రోగి అడగదగిన మొదటి ప్రశ్న అదే.

ఇక చోటు. మూత్రనాళం పొడవు దాదాపు 25 సెంటీమీటర్లు. దారిలో మూడు ఇరుకులున్నాయి: కిడ్నీ నుంచి నాళం మొదలయ్యే చోటు (పి.యు.జె.), కటి దగ్గర పెద్ద రక్తనాళాలను దాటే చోటు, చివరగా మూత్రాశయంలోకి ప్రవేశించే చోటు (వి.యు.జె.). వీటిలో చివరిదే అన్నిటికంటే ఇరుకు. అయినా అక్కడ దొరికిన రాయి బయటపడే అవకాశమే ఎక్కువ, ఎందుకంటే ముందున్న రెండు ఇరుకులనూ అది అప్పటికే దాటింది. పి.యు.జె. వద్ద ఉన్న రాయి మూడింటినీ ఇంకా దాటవలసి ఉంది.

అంకెల్లో చెప్పాలంటే, 4 మి.మీ. లోపు రాళ్లలో ఐదింట దాదాపు నాలుగు వాటంతట అవే పడిపోతాయి. 5 నుంచి 10 మి.మీ. మధ్యవాటిలో సుమారు సగం, 10 మి.మీ. దాటితే అరుదు. చోటును బట్టి చూస్తే పైభాగం రాళ్లలో దాదాపు సగం, కింది కొస రాళ్లలో నాలుగింట మూడు వంతులు పడతాయి. ఈ రెండు లెక్కలనూ ఒకదానితో ఒకటి గుణించకూడదు. కింది కొస రాళ్లు సహజంగానే చిన్నవి కనుక, చోటు లెక్కలో పరిమాణం ప్రభావం అప్పటికే కలిసి ఉంటుంది. 5 మి.మీ. రాయి వి.యు.జె. వద్ద ఉంటే ఆశను సగం కంటే బాగా పైకి, అదే రాయి పి.యు.జె. వద్ద ఉంటే సగానికి దగ్గరగా ఉంచుకోవడం సరైన పఠనం.

మన ఉదాహరణలోని వ్యక్తికి జ్వరం లేదు, మూత్రపరీక్షలో ఇన్ఫెక్షన్ లేదు, రెండో కిడ్నీ బాగుంది, నొప్పి మందులకు లొంగింది. అందువల్ల వైద్యులు ఆగి చూడమన్నారు. తొమ్మిదో రోజున నొప్పి పూర్తిగా పోయింది. రాయి పడిపోయిందని ఆయన అనుకున్నారు, కాని మూత్రం వడకట్టే జల్లెడలో ఏమీ దొరకలేదు. రెండో వారం చివర మూత్రాశయం నిండి ఉండగా చేసిన అల్ట్రాసౌండ్‌లో రాయి అక్కడే ఉంది, స్వల్ప వాపూ ఉంది. 19వ రోజున జల్లెడలో గోధుమరంగు గరుకు రాయి దొరికింది, ఆ తర్వాతి స్కాన్‌లో వాపు తగ్గింది. నొప్పి పోవడం రాయి పోయిందనడానికి రుజువు కాదు, ఎందుకంటే ఒత్తిడి సద్దుమణిగినా అడ్డంకి మిగిలి ఉండవచ్చు, అలా మిగిలిన అడ్డంకి చడీచప్పుడు లేకుండా కిడ్నీని దెబ్బతీస్తుంది. సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలకు మించి ఆగరు.

రాయి ఎంత చిన్నదైనా, ఎక్కడున్నా కొన్ని పరిస్థితుల్లో ఆగకూడదు: చలిజ్వరం, ఒకే కిడ్నీ ఉండడం, రెండు వైపులా అడ్డు, మూత్రం ఆగిపోవడం, మందులకు లొంగని నొప్పి లేదా వాంతులు. వీటిలో ఏదున్నా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఇన్ఫెక్షన్ ఉన్న మూత్రం రాయి వెనక చిక్కుకుంటే కొలతల లెక్క పక్కన పెట్టి ముందుగా ఆ మూత్రానికి దారి చేయాలి.

అభ్యాసం. రెండు రిపోర్టులు చదివి, ఏ రాయి విషయంలో “పడుతుందా?” అన్న ప్రశ్న వర్తిస్తుందో రాయండి. మొదటిది: “ఎడమ మూత్రనాళం పైభాగంలో 6 × 5 × 9 మి.మీ. రాయి, ఒక మోస్తరు వాపు.” రెండోది: “ఎడమ కిడ్నీ కింది గిన్నెలో 6 మి.మీ. రాయి, వాపు లేదు.” పై శాతాలు మూత్రనాళంలోకి దిగిన రాళ్లవి. రెండో రాయి ఇంకా దారి పట్టలేదు. ఏళ్ల తరబడి అక్కడే కదలకుండా ఉండిపోవచ్చు కూడా. కనుక దానికి ఆ లెక్క వర్తించదు. మొదటి రాయికి వర్తిస్తుంది: అడ్డుకొలత 6, ముందున్న ఇరుకులు కనీసం రెండు, వెనక వాపు ఇప్పటికే ఒక మోస్తరు. దీనికి ఆశ సగం దాటదు, ఆగి చూసినా దగ్గరి తేదీల్లో మళ్లీ స్కాన్ చేయించాలి.

వచ్చే పాఠంలో, కటి భాగంలోని సిరల్లో ఉండే సున్నపు చుక్కలు సీటీలో రాళ్లలా ఎందుకు కనిపిస్తాయో, వాటిని నిజమైన రాయి నుంచి ఎలా వేరు చేస్తారో చూద్దాం.